రీయూనియన్ టీషర్టు: ఒక్క రంగు డిజైన్‌కి "సైజు ఎంత?" అంటే ఏం చెప్పాలి

డిజైన్ ఖాయమైన రోజు రాత్రి గ్రూపులో అందరూ చప్పట్లు కొడుతుంటారు. మర్నాడు ప్రింటర్ నుంచి ఒకే ఒక్క ప్రశ్న వస్తుంది: "సైజు ఎంత?" ఒకరు "ఎల్, ఎక్సెల్ కలిపి అరవై" అంటారు. ఇంకొకరు "ఏ4" అంటారు. డిజైన్ చేసినాయన పిక్సెల్స్ చెబుతాడు. మూడో వరస బెంచీ మిత్రుడు "ఎంత పెద్దదైతే అంత పెద్దది వెయ్యమనండి" అని తేల్చేస్తాడు.

నాలుగు జవాబులూ నాలుగు వేరే ప్రశ్నలకి జవాబులు. ప్రింటర్ అడిగినదానికి మాత్రం వాటిలో ఒక్కటీ జవాబు కాదు. చొక్కాలు వచ్చాక "అదేంటి, ఇంత చిన్నగా ఉంది?" అనో, "పేర్లు కనపడటం లేదేంటి?" అనో తగువు మొదలయ్యేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ముందు ఈ మాటల్ని విడదీసి చూద్దాం. తర్వాత అరవై మంది ఉన్న ఒక బ్యాచ్ డిజైన్‌ని కొలతలతో సహా చివరి దాకా తీసుకెళ్దాం.

## "సైజు" అన్న ఒక్క మాటలో నాలుగు కొలతలు

మొదటిది చొక్కా సైజు. దీంట్లో మనకి నిజంగా కావలసింది ఎస్, ఎల్ అనే అక్షరం కాదు, ఛాతీ వెడల్పు. చొక్కాని బల్ల మీద పరిచి ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా టేపుతో కొలిస్తే వచ్చే అంగుళాలు. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎమ్ అంత ఉండటం మామూలే కాబట్టి అక్షరాన్ని నమ్ముకుంటే లాభం లేదు.

రెండోది ప్రింట్ ఏరియా. ప్రింటర్ తన బోర్డు మీద, తన ఫ్రేములో ఎంత మేర ఇంకు వెయ్యగలడో ఆ గరిష్ఠ హద్దు. చొక్కాని ఒక చదునైన బోర్డుకి తొడుగుతారు. దాని మీద స్క్రీన్ దించి, స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో ఇంకు లాగుతారు. కాలరు, చంక కుట్లు, జేబు బోర్డు మీదికి వస్తే అక్కడ గుడ్డ ఎత్తుగా లేస్తుంది. ఆ పక్కన ఇంకు ఒకచోట ముద్దగా, ఒకచోట పలచగా పడుతుంది. కాబట్టి హద్దు అనేది మిషన్‌కీ ఉంటుంది, చొక్కాకీ ఉంటుంది. రెండింటిలో ఏది చిన్నదైతే అదే మన హద్దు.

మూడోది ఆర్ట్‌వర్క్ సైజు. చొక్కా మీద ఇంకు నిజంగా పడే భాగం. ఎడమ చివరి చుక్క నుంచి కుడి చివరి చుక్క దాకా వెడల్పు, పై చివర నుంచి కింది చివర దాకా ఎత్తు. ప్రింటర్ అడిగేది దీన్నే.

నాలుగోది ఫైలు పేజీ సైజు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచిన తెల్ల కాగితం అన్నమాట. అసలు గొడవ దీనితోనే. మన పేజీ 12 అంగుళాలు ఉండొచ్చు, అందులో బొమ్మ చుట్టూ ఖాళీ వదిలేసి 8.5 అంగుళాలే ఉండొచ్చు. "పన్నెండు అంగుళాల డిజైన్ పంపాం" అని మనం అనుకుంటాం. ఒక ప్రింటర్ ఫైలుని ఉన్నదున్నట్టు ఫిల్మ్ తీస్తాడు, చొక్కా మీద 8.5 పడుతుంది. ఇంకో ప్రింటర్ ఖాళీని కత్తిరించి బొమ్మని 12కి సాగదీస్తాడు. ఇద్దరి తప్పూ లేదు, మనం కొలత చెప్పలేదు. పేజీ అంచుల్ని బొమ్మ అంచుల దాకా లోపలికి జరిపేస్తే ఈ అయోమయం అక్కడికక్కడే పోతుంది.

## ఒక రంగు అంటే బొమ్మ కాదు, చిల్లుల పలక

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక రంగు అంటే ఒక స్క్రీన్, ఒక ఇంకు. ఫ్రేముకి బిగించిన సన్నటి జాలీ గుడ్డ మీద ఎమల్షన్ పూస్తారు. మన డిజైన్‌ని పారదర్శకమైన ఫిల్మ్ మీద నల్లగా ప్రింటు తీసి, దాని మీద పెట్టి వెలుగు పట్టిస్తారు. వెలుగు తగిలినచోట ఎమల్షన్ గట్టిపడుతుంది, నలుపు అడ్డుపడినచోట మెత్తగా ఉండి నీళ్లకి కడుక్కుపోతుంది. అలా తెరుచుకున్న భాగంలోంచే ఇంకు దిగుతుంది.

దీన్నించి మూడు సంగతులు బయటపడతాయి. ఒకటి, చొక్కా మీద పడేది తెల్ల ఇంకైనా, పసుపైనా, మన ఫైలు మాత్రం నల్లగానే ఉండాలి. ఫిల్మ్‌కి ఇంకు రంగుతో పని లేదు, వెలుగుని ఆపేదా కాదా అన్నదే దానికి తెలుసు. రెండు, చిల్లు ఉంటుంది లేదా ఉండదు, సగం చిల్లు అంటూ ఉండదు. అంటే లేత బూడిద, నీడలు, రంగు మెల్లగా కరిగిపోయే అంచులు ఏవీ ఇక్కడ లేవు. మూడు, చొక్కా రంగు మనకి ఉచితంగా వచ్చే రెండో రంగు. నీలం చొక్కా మీద తెల్ల ఇంకు వేస్తే కళ్లకి రెండు రంగులు కనిపిస్తాయి, లెక్కలో మాత్రం ఒకటే.

లెక్కలో ఇంకో రెండు మెలికలు ఉన్నాయి. ముందు ఒక బొమ్మ, వెనక ఇంకో బొమ్మ ఉంటే రంగు ఒకటే అయినా స్క్రీన్లు రెండు. అలాగే నల్ల చొక్కా మీద ఎరుపు వేస్తే అది మట్టి రంగులో చచ్చిపోయి కనపడుతుంది. ఎరుపు ఎరుపులా కనబడాలంటే కింద తెలుపు పరవాలి, అది రెండో స్క్రీన్. ముదురు చొక్కా మీద నిజంగా ఒక్క స్క్రీన్‌తో సరిపోయేది ముఖ్యంగా తెలుపు. దాన్ని ఒకసారి వేసి, వేడితో పైపైన ఆరబెట్టి, అదే స్క్రీన్‌తో రెండోసారి వేస్తారు.

## కొలత అతి చిన్న చొక్కా దగ్గర మొదలవుతుంది

ఇప్పుడు మన కేసు. 2001 బ్యాచ్, అరవై మంది. ముదురు నీలం చొక్కా, తెల్ల ఇంకు, వీపు మీద ఒకే ఒక్క ప్రింటు. పైన పెద్దగా బడి భవనం గీత బొమ్మ, దాని మీద సంవత్సరం, కింద అరవై పేర్లు. ప్రింటర్ చెప్పిన ప్రింట్ ఏరియా 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు. కొలిస్తే జాబితాలో అన్నిటికన్నా చిన్న చొక్కా ఛాతీ 17 అంగుళాలు, పెద్దది 25.

సహజంగా వచ్చే ఆలోచన ఏంటంటే, పన్నెండు ఇచ్చాడు కదా, పన్నెండూ వాడేద్దాం అని. వేసి చూద్దాం. 17 అంగుళాల చొక్కా మీద 12 అంగుళాల ప్రింటు పడితే అటూ ఇటూ రెండున్నర అంగుళాలే మిగులుతాయి. బల్ల మీద బాగానే ఉంటుంది. మనిషి తొడుక్కున్నాక చొక్కా పక్కలకి వంపు తిరుగుతుంది కదా, రెండు చివర్ల పేర్లు చంకల కిందికి పోతాయి. అదే ప్రింటు 25 అంగుళాల చొక్కా మీద అటూ ఇటూ ఆరున్నర అంగుళాల ఖాళీతో నిండుగా, చక్కగా ఉంటుంది.

వెడల్పుని 10.5కి తగ్గిస్తే చిన్న చొక్కాలో పక్కన 3.25 అంగుళాలు మిగులుతాయి, పెద్దదాంట్లో 7.25. చిన్నది హాయిగా ఉంటుంది. పెద్ద చొక్కా వేసుకున్నాయనకి "నాది చిన్నగా పడింది" అనిపించవచ్చు.

ఇక్కడ ప్రింటింగ్ వాళ్లలో రెండు వాదనలు వినిపిస్తాయి. ఒకే స్క్రీన్‌తో అన్ని సైజులూ లాగించాలి, చిన్న చొక్కాకి సరిపోయేలా పెట్టుకుంటే ఎక్కడా తప్పు పట్టలేం అనేది మొదటిది. పని తేలిక, అందరి ప్రింటూ ఒకేలా ఉంటుంది, పక్కపక్కన నిలబడి ఫొటో దిగితే బాగుంటుంది. రెండో వాదన ప్రకారం ఒకే అంగుళాలు ఉన్నంత మాత్రాన ఒకేలా కనపడదు. చొక్కాని బట్టి బొమ్మ పెరిగితేనే కంటికి ఒకేలా ఉంటుంది. కాబట్టి చిన్నవాటికి ఒక స్క్రీన్, పెద్దవాటికి ఇంకో స్క్రీన్. ఇదీ నిజమే, కాకపోతే ఇంకో ఫిల్మ్, ఇంకో స్క్రీన్, ఇంకోసారి బోర్డు సర్దడం. పిల్లల చొక్కాలు కూడా ఉంటే రెండో స్క్రీన్ తప్పదని నా అభిప్రాయం. పెద్దవాళ్లవే అయితే అరవై చొక్కాలకి ఒకటి చాలు. మన కేసులో 10.5 దగ్గర ఆగుదాం.

ఎత్తు సంగతి తేలిక. వీపు మీద కాలరు కుట్టుకి ఓ నాలుగు అంగుళాల కింద ప్రింటు మొదలైతే మెడ వంచినా, జుట్టు పడినా పై వరస దాగదు. అక్కడి నుంచి 16 అంగుళాలు దిగితే చొక్కా అంచుకి దగ్గరపడుతుంది, కూర్చుంటే కింది వరసలు నడుము దగ్గర ముడతల్లో కలిసిపోతాయి. 12, 13 అంగుళాల్లో ముగిస్తే మంచిది.

## అరవై పేర్లని ఆ అంగుళాల్లో సర్దడం

హద్దు తెలిశాక డిజైన్ గీస్తే లెక్క దానంతటదే తేలుతుంది. ముందు గీసేసి తర్వాత కుదిద్దాం అనుకున్నవాళ్లకే టెన్షన్.

భవనం, సంవత్సరం కలిపి 10.5 వెడల్పు, 4.5 ఎత్తు ఇద్దాం. తర్వాత అర అంగుళం ఖాళీ. పేర్లు మూడు నిలువు వరసలు, వరసకి ఇరవై. ఒక్కో పేరుకి 0.38 అంగుళం చొప్పున ఇస్తే ఇరవైకి 7.6 అంగుళాలు. మొత్తం ఎత్తు 4.5, 0.5, 7.6 కలిపి 12.6 అంగుళాలు. అనుకున్న హద్దులోనే ఉంది.

ఒక అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి 0.38 అంగుళం అంటే సుమారు 27 పాయింట్లు. ఇంగ్లిష్ అక్షరాలైతే 27 పాయింట్ల వరసలో 22 పాయింట్ల అక్షరం ఇరికించవచ్చు. తెలుగుకి అది కుదరదు. పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. పై పేరు ఒత్తు కింది పేరు గుడిని తాకకుండా ఉండాలంటే ఈ వరసలో 16 పాయింట్లు సుఖం. నిలువు వరసల మధ్య 0.35 అంగుళం చొప్పున రెండు ఖాళీలు తీసేస్తే ఒక్కో వరసకి 3.27 అంగుళాలు వస్తాయి. 16 పాయింట్లలో ఇంటిపేరు పొడి అక్షరంతో కలిపి చాలా పేర్లు ఇందులో పడతాయి. పట్టని ఒకటీ అరా పేరుని నొక్కి ఇరుకు చేయకండి, అరవైలో అదొక్కటే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇంటిపేరు కుదించడం నయం.

ఈలోగా గ్రూపులో ఒకరు తప్పకుండా అంటారు: "వీపు మీద ఎందుకు, ఇదే డిజైన్ జేబు దగ్గర చిన్నగా వేయిద్దాం, హుందాగా ఉంటుంది."

ఎడమ ఛాతీ మీద వేసే ప్రింటు మామూలుగా మూడున్నర, నాలుగు అంగుళాల వెడల్పు. 10.5ని 3.5కి తెస్తే సరిగ్గా మూడో వంతు. బొమ్మతో పాటు అందులో ఉన్న ప్రతీదీ మూడో వంతు అవుతుంది. 16 పాయింట్ల పేరు 5.3 పాయింట్లకి దిగుతుంది, అంటే అక్షరం, గుడి, ఒత్తు అన్నీ కలిపి రెండు మిల్లీమీటర్ల లోపు. "లక్ష్మి" అని రాసి చూడండి. క కింద ష ఒత్తు, దాని పక్కన మ ఒత్తు, రెండూ కలిపి ఓ అర మిల్లీమీటరు చోటులో సర్దుకోవాలి. ఇంకు గుడ్డ మీద పడ్డాక కొద్దిగా పక్కకి పాకుతుంది. ఒత్తుల మధ్య సందులు పూడుకుపోయి చివరికి మిగిలేది ఒక తెల్ల చుక్క.

గీతలదీ అదే గతి. భవనం గీసిన ఒక పాయింటు గీత 0.35 మిల్లీమీటరు. మూడో వంతు చేస్తే 0.12. టీషర్టులకి ఎక్కువగా వాడే 110 మెష్ జాలీలో అంగుళానికి 110 దారాలు ఉంటాయి, అంటే దారం మొదలు నుంచి పక్క దారం మొదలు దాకా 0.23 మిల్లీమీటరు. మన గీత అందులో సగం. కొన్నిచోట్ల దారం మీదే పడి ఇంకు దిగదు, కొన్నిచోట్ల రంధ్రం మీద పడి దిగుతుంది. చొక్కా మీద గీత తెగి తెగి కనపడితే కారణం ఇదే, ప్రింటర్ చెయ్యి వణికి కాదు.

అందుకే జేబు దగ్గర వేసేది వీపు డిజైన్ కాపీ కాకూడదు. దానికి వేరే బొమ్మ కావాలి: సంవత్సరం, బడి పేరు, అంతే. ఎంత సైజులో వేసినా, ఆ చివరి సైజులో ఏ గీతా ఒక పాయింటు కన్నా సన్నగా ఉండకుండా చూసుకుంటే చాలా ఇబ్బందులు తప్పుతాయి. ఇంకు మధ్యలో చొక్కా రంగు కనపడే సందు గీతలకి ఇంకాస్త ఎక్కువ, ఒకటిన్నర, రెండు పాయింట్లు కావాలి. ఇంకు రెండు వైపుల నుంచీ లోపలికి పాకి ఆ సందుని మింగేస్తుంది కాబట్టి.

## గ్రూప్ ఫొటోని ఒక రంగులో వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు, కానీ మీరు అనుకుంటున్న ఫొటో కాదు.

సగం చిల్లు ఉండదన్నాం. మరి బూడిద రంగుని ఎలా చూపిస్తారంటే హాఫ్‌టోన్‌తో. ఫొటోని చిన్నాపెద్దా చుక్కలుగా విడగొడతారు. చుక్కలు పెద్దవైనచోట ఇంకు నిండుగా, చిన్నవైనచోట పలచగా కనపడి కంటికి నీడలా అనిపిస్తుంది. పాత వార్తాపత్రిక ఫొటోని దగ్గరగా చూసినవాళ్లకి ఇది తెలుసు. టీషర్టు మీద ఈ చుక్కల వరసలు అంగుళానికి ఓ 45 ఉంటే మంచి పని కింద లెక్క. అందుకు జాలీ కూడా 110 సరిపోదు. చుక్కల సంఖ్యకి నాలుగైదు రెట్లు దారాలు కావాలి, అంటే ఓ 200 మెష్.

పదో తరగతి గ్రూప్ ఫొటోతో లెక్క కడదాం. మూడు వరసలు, వరసకి ఇరవై మంది. 10.5 అంగుళాల్లో ఒక్కొక్కరికీ భుజాలతో కలిపి అర అంగుళం. అందులో ముఖం ఓ 0.3 అంగుళం. అంగుళానికి 45 చుక్కలంటే ముఖం అడ్డంగా పదమూడు, పద్నాలుగు చుక్కలు. రెండు కళ్లు, ముక్కు, నోరు, మీసం మొలకలు, అన్నీ ఆ పద్నాలుగు చుక్కల్లోనే. ఎవరు ఎవరో తెలియదు. తలకాయల వరస మాత్రం తెలుస్తుంది.

అదే ఒక్క మాస్టారి ముఖాన్ని ఎనిమిది అంగుళాల్లో వేస్తే అడ్డంగా 360 చుక్కలు దొరుకుతాయి. చిరునవ్వు కూడా కనపడుతుంది. కాబట్టి హాఫ్‌టోన్ పనికిరాదనేవాళ్లదీ, అద్భుతంగా వస్తుందనేవాళ్లదీ ఒకరకంగా నిజమే. వాళ్లు వేర్వేరు ఫొటోల గురించి మాట్లాడుతున్నారు, అంతే. గ్రూప్ ఫొటో అంటే మనసు పడ్డవాళ్లు మనుషుల్ని వదిలేసి వరసల రూపురేఖని నిండు నీడల్లా గీయించుకోవచ్చు. ముఖాలు ఎలాగూ పోతాయి కదా, వాటిని మనమే తీసేస్తే శుభ్రంగా ఉంటుంది.

## తెల్ల కాగితం మీద గీసింది నీలం చొక్కా మీద తిరగబడుతుంది

ఈ పొరపాటు నేను స్వయంగా చేశాను. బడి భవనాన్ని, గేటు దగ్గర ఉండే ఒకాయన ముఖాన్ని తెల్ల కాగితం మీద నల్లగా గీసి పంపాను. "తెల్ల ఇంకుతో వెయ్యండి" అన్నాను. వేశారు.

భవనం బాగానే వచ్చింది. కాగితం మీద నల్లగా నింపిన కిటికీలు చొక్కా మీద తెల్లగా వెలిగాయి, గోడలు నీలంగా ఉండిపోయాయి. రాత్రిపూట దీపాలు పెట్టిన బడిలా ఉంది, అది నా ప్రతిభే అన్నారు. ముఖం మాత్రం దయ్యంలా వచ్చింది. జుట్టు తెల్లగా, కనుపాపలు తెల్లగా, చెంపలు నీలంగా. ఫొటో నెగెటివ్ చూసినట్టు.

కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. కాగితం మీద ఇంకు అంటే చీకటి. ముదురు చొక్కా మీద తెల్ల ఇంకు అంటే వెలుగు. ముఖంలో వెలుగు పడేచోట ఇంకు పడాలి, నేను చీకటి ఉన్నచోట వేయించాను. మరి ఫైలుని ఇన్వర్ట్ చేస్తే సరిపోతుందా అంటే పూర్తిగా సరిపోదు. ముఖం చుట్టూ ఉన్న ఖాళీ కాగితం కూడా తిరగబడి పెద్ద నిండు పలక అవుతుంది. చొక్కా మీద అదొక తెల్ల దీర్ఘచతురస్రం, దాని మధ్య ముఖం. అంత మేర ఇంకు ఒకేచోట పరిస్తే చొక్కా అక్కడ ప్లాస్టిక్ కాగితంలా బిగుసుకుపోతుంది, గాలి ఆడదు, చెమట పడుతుంది. ముఖం లోపలి భాగాన్ని మాత్రమే తిప్పి, బయటి ఖాళీని ఖాళీగానే ఉంచాలి.

ముందే తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అడుగున చొక్కా రంగు పొర ఒకటి పెట్టి, దాని మీద బొమ్మని తెలుపు చేసి చూడండి. కంటికి సరిగ్గా అనిపించాక, పంపే ఫైలులో అడుగు పొర తీసేసి, తెల్లగా ఉన్నదాన్ని మొత్తం నలుపు చెయ్యండి. ఆ నల్ల ఫైలు చూడటానికి వింతగా ఉంటుంది. ఉండనివ్వండి, అది ఫిల్మ్ కోసమే.

## ఫైలు లోపల దాక్కునే బూడిద రంగు

బొమ్మని వెక్టర్‌గా గీస్తే గీతలు లెక్కల రూపంలో ఉంటాయి, ఎంత పెంచినా అంచు పదునుగా ఉంటుంది. పిక్సెల్స్‌తో గీస్తే చివరి సైజులో సరిపడా పిక్సెల్స్ ఉండాలి. అంగుళానికి 300 పిక్సెల్స్ కనీసం అనుకుంటే 10.5 అంగుళాలకి 3150 కావాలి. గీత బొమ్మలకి 600 ఉంటే ఇంకా నయం, అప్పుడు 6300. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది. 1600 పిక్సెల్స్ వెడల్పుతో అందిందనుకుందాం, 10.5 అంగుళాలకి పంచితే అంగుళానికి 152. మళ్లీ 3150కి సాగదీస్తే అంకె పెరుగుతుందే గానీ అంచు పదును తిరిగి రాదు. డాక్యుమెంట్‌గా పంపితే ఈ బాధ లేదు. వెక్టర్ తప్పనిసరి అనేవాళ్లు ఉన్నారు. చేత్తో గీసి స్కాన్ చేసిన బొమ్మ అయితే సరైన సైజులో 600తో స్కాన్ చేసినా పని ఏమీ చెడదు.

అసలు జాగ్రత్తపడాల్సింది నలుపు నిజంగా నలుపేనా అన్నది. తెర మీద మెత్తగా కనపడాలని సాఫ్ట్‌వేర్ ప్రతి అంచు పక్కనా బూడిద పిక్సెల్స్ ఒకటి రెండు పెడుతుంది. జేపెగ్ ఫైల్లో అక్షరాల చుట్టూ దుమ్ములాంటి మచ్చలు చేరతాయి. ఫిల్మ్ తీసేటప్పుడు ఈ బూడిదంతా హాఫ్‌టోన్ చుక్కలుగా మారి అంచులు రంపంలా వస్తాయి. 400 శాతానికి పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. నలుపు, తెలుపు తప్ప మూడోది కనపడకూడదు.

ఇంకోటి కంటికి కూడా దొరకదు. ఆర్‌జీబీలో, అంటే తెర రంగుల్లో గీసిన నలుపుని ప్రింటు రంగుల్లోకి మార్చితే అది నాలుగు ఇంకుల మిశ్రమం అయిపోతుంది, అందులో అసలు నలుపు తొంభై శాతమో, ఇంకా తక్కువో మిగులుతుంది. తెర మీద నిగనిగలాడుతుంది. ఫిల్మ్ మీద మాత్రం నిండు భాగమంతా సూదితో పొడిచినట్టు చిల్లులు. రంగుల పెట్టె తెరిచి `C 0 M 0 Y 0 K 100` అని ఉందో లేదో చూడటం ఒక్క నిమిషం పని.

తెలుగు పేర్లకి ఇంకో గండం ఉంది. మన ఫాంట్ ప్రింటర్ కంప్యూటర్లో లేకపోతే "లక్ష్మి" అక్కడ పొల్లులతో విడివిడిగా తెరుచుకుంటుంది, లేదా ఒత్తు పక్కకి జారుతుంది. అందుకే అక్షరాల్ని బొమ్మలుగా మార్చి పంపాలి. ఇల్లస్ట్రేటర్‌లో `Create Outlines`, కోరల్‌డ్రాలో `Convert to Curves`, ఇంక్‌స్కేప్‌లో `Object to Path`. మార్చాక అక్షరం దిద్దడం కుదరదు కాబట్టి పేర్లు అందరికీ చూపించి, తప్పులు దిద్దుకున్నాకే ఇది చెయ్యాలి. మార్చని కాపీ ఒకటి దాచుకోవాలి. అరవై మందిలో ఒకరి పేరు తప్పడం ఎలాగూ తప్పదు, అది చొక్కా మీద కాకుండా కాగితం మీద బయటపడితే చాలు.

## కాగితం చొక్కా

చివరి పరీక్షకి ప్రింటరూ అక్కర్లేదు, ఇంకూ అక్కర్లేదు. మన ఆర్ట్‌వర్క్ 10.5 × 12.6 అంగుళాలు. ఏ3 కాగితం 11.7 × 16.5 కాబట్టి అందులో పూర్తిగా పడుతుంది. ఏ4లో పట్టదు, రెండు ముక్కలుగా తీసి అతికించాలి. ప్రింటు తీసేటప్పుడు `Fit to page` కాకుండా `Actual size` ఎంచుకోవాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ తన ఇష్టం వచ్చినట్టు కుదిస్తుంది, పరీక్ష అంతా వృథా. బయటికి వచ్చిన కాగితం మీద స్కేలు పెట్టి 10.5 ఉందో లేదో కొలవండి.

ఆ కాగితాన్ని బొమ్మ అంచుల వెంట కత్తిరించి, 17 అంగుళాల చొక్కా వీపుకి పిన్నులతో గుచ్చి, ఆ సైజు మనిషికే తొడిగి, రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. పక్క వరస పేర్లు చంక కిందికి పోతున్నాయా? కూర్చుంటే చివరి పేరు మడత పడుతోందా? తర్వాత అదే కాగితాన్ని 25 అంగుళాల చొక్కా మీద పెట్టి చూడండి. మా వాళ్లలో పెద్ద చొక్కా ఆయన అద్దంలో చూసుకుని, "చిన్నగా ఏం లేదే" అన్నాడు. గ్రూపులో మూడు రోజులు సాగిన వాదన అక్కడితో ఆగింది.

ప్రింటర్‌కి పంపిన మెసేజ్ ఇది: "వీపు మీద మాత్రమే. ఒక రంగు, తెల్ల ఇంకు, ముదురు నీలం చొక్కా. ఆర్ట్‌వర్క్ వెడల్పు 10.5 అంగుళాలు, ఎత్తు 12.6. అన్ని సైజులకీ ఇదే. పై అంచు కాలరు కుట్టుకి 4 అంగుళాల కింద, ఎడమ కుడి సరిగ్గా మధ్యలో. ఫైలులో నల్లగా ఉన్నదంతా ఇంకు. సైజు మార్చాల్సి వస్తే ముందు ఫోన్ చెయ్యండి."

ఫోన్ వచ్చింది. సైజు గురించి కాదు, పన్నెండో వరసలో ఒక పేరు రెండుసార్లు పడిందట.